యాభై నాలుగు గ్రాముల కంచం

ప్రోటీన్ అనే మాట మా ఇంట్లోకి భయంగానే వచ్చింది. మా ఆయనకి కిడ్నీలు చెడిపోతున్నాయని కాకినాడలో డాక్టరు గారు తేల్చి చెప్పినప్పుడు, పక్క గదిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఒక కాగితం ఇచ్చి, "ప్రోటీన్ తగ్గించాలండి. పప్పు కూడా తూచి వండాలి" అంది. వచ్చేటప్పుడే దారిలో చిన్న తూకం మిషను కొన్నాం. ఆ రోజు నుంచి మా వంటింట్లో కందిపప్పు బంగారం లాగా గ్రాముల్లో తూగింది. డయాలసిస్ మొదలయ్యాక మళ్ళీ ప్రోటీన్ కొంచెం పెంచమన్నారు. పెంచమన్నా సరే, నాకు ఆ మాట మీద అనుమానం పోలేదు.

అప్పటికి నాకు అక్షరం రాదు. కాగితంలో ఉన్నది మా అమ్మాయి చదివి చెప్పేది. డయాలసిస్ గది బయట బెంచీ మీద గంటలు గంటలు కూర్చోవాలి గదా, ఆ ఖాళీలో అదే నాకు అక్షరాలు దిద్దించింది. యాభై దాటాక నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివినవి మందుల పేర్లే.

తరవాత అదే తన కిడ్నీ ఒకటి వాళ్ళ నాన్నకి ఇచ్చింది. నేనిస్తానంటే నాకు షుగరుందని పనికిరాదన్నారు. అప్పటికి దానికి ఇరవై మూడేళ్ళు. డాక్టరు గారు దాన్ని కూర్చోబెట్టి, ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చని, కాకపోతే ఏడాదికోసారి పరీక్షలు చేయించుకోవాలని, బీపీ చూసుకుంటూ ఉండాలని చెప్పారు. "ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకో తల్లీ" అన్నారు. మా అమ్మాయి నవ్వి, "స్పేర్ లేదన్నమాట" అంది.

ఊళ్ళో మాత్రం దాని ఆపరేషను గురించి వేరే చెప్పాం. కూతురి కిడ్నీ తీసుకుని బతికేడు అనే మాట మా ఆయన తట్టుకోలేకపోయారు. ఆయనకి ఎవరో చచ్చిపోయినాయనది పెట్టేరని, అమ్మాయికి రాళ్ళ ఆపరేషను అయిందని మా ఆడపడుచు అందరికీ చెప్పింది. అడిగిన ప్రతివాళ్ళకీ మేమూ అదే చెప్పాం. చెప్పగా చెప్పగా ఇంట్లో కూడా 'రాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు' అనే మాట్లాడుకోవడం అలవాటైపోయింది. మా అమ్మాయి నడుముకి ఎడమ పక్క మచ్చ పేరు కూడా రాళ్ళ మచ్చే.

ఆయన పరీక్షలకి ముగ్గురం కాకినాడ వెళ్ళేవాళ్ళం. మొదట్లో అదీ చేయించుకునేది. తరవాత తరవాత ఆయన కాగితాలు పట్టుకుని తిరగడంలోనే రోజు అయిపోయేది. "నాకేంటమ్మా, బండరాయిలా ఉన్నాను" అనేది. నిజంగానే బండరాయిలా ఉండేది.

అమలాపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో దానికి ఉద్యోగం. రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. ఉప్పు ఎంత, అమోనియా ఎంత అని చూసి కాగితం మీద రాసిస్తుంది. ఆ ల్యాబ్‌కి రెండు సందుల అవతల మేడ మీద జిమ్ము ఉంది. లావు తగ్గుతానని వెళ్ళింది గానీ, అక్కడి కోచ్ దాని చేత నేల మీద నుంచి ఇనుప కడ్డీ ఎత్తించి, "మీకు బలం ఉందండి మేడమ్, పోటీకి రెడీ చేస్తాను" అన్నాడట. రాజోలు కుర్రాడే, మంచివాడు. ఆ మాటతో దీని నడకే మారిపోయింది. చిన్నప్పటి నుంచి ఎవరూ దాన్ని బలమైనదానివని అనలేదు. ఆపరేషన్ తరవాత అయితే, నిజం తెలిసిన నేనూ, ఆయనా, ఆడపడుచూ బిందె ఎత్తబోయినా వద్దనేవాళ్ళం.

"నేను సగం మనిషిని కాదమ్మా" అంది ఒకసారి, నేను గ్యాసు బండ జరపనివ్వకపోతే. అని, ఆ బండని ఒక్క చేత్తో పక్కకి లాగేసింది.

కోచ్ దానికి రోజుకి నూట ఇరవై గ్రాముల ప్రోటీన్ లెక్క పెట్టాడు. ఒంటి బరువు యాభై ఎనిమిది కేజీలు, కేజీకి రెండు గ్రాములు, పైన కొంచెం కలిపి లెక్క సరి చేశాడు. బరువులు ఎత్తేవాళ్ళలో అది వింతేమీ కాదట. మామూలు కిడ్నీలున్నవాళ్ళు తట్టుకుంటారు కూడానట. ఆ సంగతి తరవాత డాక్టరు గారే చెప్పారు. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆ రోజుల్లో మా ఆయనకి రోజంతటికీ పెట్టనిచ్చిన దానికి ఇది మూడింతలు.

"మూడు రోజుల తిండి ఒక రోజులో తింటావా?" అన్నాను.

"ఆయన జబ్బుమనిషి. నేను కండ పెంచుకునేదాన్ని. రెండూ ఒకటి ఎలా అవుతాయమ్మా?"

"ఏవే, నా జబ్బు సంగతి పక్కింటికి వినపడేలా చెప్పు" అన్నారు మా ఆయన అరుగు మీంచి. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరికీ హాస్యం ఒకటే.

పొద్దున్న మూడు గుడ్లు, పాలల్లో ఒక చెంచా పౌడరు. పౌడరు చెంచాలో ఇరవై నాలుగు, గుడ్లలో పద్ధెనిమిది, పాలల్లో ఆరు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, పప్పు, పెరుగు. ఆ మూడూ కలిపి ఇరవై దాటవు. అంటే సాయంత్రం జిమ్ము నుంచి వచ్చేసరికి ఇంకా యాభైకి పైగా మిగిలి ఉండేది. ఆ మిగిలిందంతా ఒక్క కంచంలో పడాలి.

అందుకని ఆ కంచం మా ఇంట్లో పూజలా జరిగేది. ఎముకలేని కోడి రొమ్ము మాంసం నూట యాభై గ్రాములు. మూడు గుడ్ల తెల్లసొన. నూట యాభై గ్రాముల అన్నం, అంతే బరువు పెరుగు, కూరలో ఒక చెంచా నూనె. తూచి నేను పెడితే, అది ఫోనులో రాసి పైకి చదివేది. మాంసంలో ముప్ఫై నాలుగు, తెల్లసొనలో పదకొండు, పెరుగులో అయిదు, అన్నంలో నాలుగు. కలిపి యాభై నాలుగు. పిండి పదార్థం యాభైకి కాస్త తక్కువ, అదంతా దాదాపు అన్నానిదే. కొవ్వు పదమూడు. అన్నీ కలిపి అయిదు వందల ముప్ఫై కేలరీలు.

"వ్యాయామం చేశాక కండలు చిరుగుతాయమ్మా. ప్రోటీన్ వాటిని అతుకుతుంది. అన్నం ఖర్చయిన శక్తిని తిరిగి నింపుతుంది" అని చెప్పేది.

"కుట్టుమిషనా నీ ఒళ్ళు?" అనేదాన్ని.

నాకు ఆ లెక్క నచ్చేది, నిజం చెప్పాలంటే. అంకెలు నా నోటికి వచ్చాయి. ఏ పదార్థంలో ఎంతుందో అది చెప్పక ముందే నేను చెప్పేసేదాన్ని. మా ఆయన నవ్వి, "మీ తల్లీకూతుళ్ళు నన్ను కూడా తూచి ఫోనులో రాసేయండి" అనేవారు.

అయితే మొదట్లో ఆ లెక్క ఇలా లేదు. ఫోనులో యాప్ మాంసానికి నలభై ఆరు చూపించేది. మేం మాంసం పచ్చిగా తూస్తున్నాం, అది యాప్‌లో మాత్రం వండిన కోడి అని ఉన్న చోట బరువు వేస్తోంది. వండితే మాంసంలో నీళ్ళు పోయి తూకం తగ్గుతుంది, ప్రోటీన్ అలాగే ఉంటుంది. అందుకని వండిన నూరు గ్రాముల్లో ముప్ఫై ఒకటి ఉంటే, పచ్చి నూరు గ్రాముల్లో ఇరవై మూడే. రోజూ నీళ్ళల్లో అమోనియా చుక్కల లెక్కన కొలిచే పిల్లకి ఆ తేడా తట్టలేదు. కోచ్ చూసి చెప్పాడు.

"అన్ని రోజులూ పన్నెండు గ్రాములు తక్కువ తిన్నానమ్మా" అంది. ఏదో పోగొట్టుకున్నట్టు ముఖం పెట్టింది.

"తిననిది తినలేదు. ఇప్పుడేమయింది?"

"ఏమయిందంటావేంటి? లెక్క తప్పింది."

లెక్క దిద్దుకుని కొన్నాళ్ళు యాభై నాలుగుతోనే నడిచింది, తరవాత ఆ పోయిన పన్నెండూ పూడ్చాలని మాంసం పచ్చి తూకం రెండు వందల గ్రాములు చేసింది. కంచం అరవై అయిదు దాటింది. దాని మీద పోటీ దగ్గర పడిందని, బరువు యాభై ఏడు కేజీల లోపు ఉండాలని అన్నం సగం చేసింది, తరవాత తీసేసింది. అన్నం లేని కోనసీమ కంచం నేను చూడటం అదే మొదలు. తెల్లటి మాంసం, తెల్లటి గుడ్డు, తెల్లటి పెరుగు. పత్యం కంచం కూడా అంతకంటే నిండుగా ఉంటుంది.

కోచ్ చెప్పాడని ఇంకో పొడి మొదలుపెట్టింది. క్రియాటిన్ అట. డబ్బా మీద ఆ పేరు రెండుసార్లు కూడబలుక్కుని చదివాను. మా ఆయన రిపోర్టుల్లో నేను ముందు వెతికే మాట, కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగేది, క్రియాటినిన్. ఒక్క అక్షరం తేడా.

"ఇది అదేనా?" అని అడిగాను.

"కాదమ్మా. దీని నుంచి అది వస్తుంది. అంతే."

ఆ 'అంతే' నాకు నచ్చలేదు.

దాని బట్టలు ఉతుకుతుంటే ఒక రకం వాసన వచ్చేది. చెమట వాసన కాదు. అమోనియా కట్టిన చెరువు గట్టు మీద నడిస్తే ముక్కుకి తగిలే వాసన. మా పొలం పక్క చెరువు ఒకసారి అలాగే పాడయింది. తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి తలలు ఎత్తి ఉన్నాయి. మేత ఎక్కువ వేశారని అన్నారు.

ఒక ఆదివారం అరుగు మీద బట్టలు మడతపెడుతూ అడిగాను. "చెరువులో మేత ఎక్కువైతే ఏమవుతుందే?"

ఉద్యోగం సంగతి అడిగానని అది ఉత్సాహంగా చెప్పింది. "మేతలో ప్రోటీన్ ఉంటుంది గదా. తినగా మిగిలిందీ, అవి విసర్జించిందీ కుళ్ళి అమోనియా అవుతుంది. నీళ్ళు మార్చకపోతే రొయ్య చస్తుంది."

"మరి నువ్వు తినగా మిగిలింది?"

"మనలో అలా కుళ్ళదమ్మా. కాలేయం దాన్ని యూరియా చేసేస్తుంది. అన్నం మానేశాను గదా, ప్రోటీన్ నుంచే శక్తి తీసుకుంటోంది ఒళ్ళు. అందుకే చెమటలో కాస్త వాసన."

"యూరియా ఎటు పోతుంది?"

"కిడ్నీలు బయటికి..."

అక్కడ ఆగింది. మడతపెట్టిన చొక్కా మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. కిడ్నీలు అని బహువచనంలో అన్నదే, దానికీ వినపడి ఉంటుంది.

ఆ తరవాత నుంచి నేను దాన్ని చూడటం మొదలుపెట్టాను. పొద్దున్న లేవగానే కనురెప్పలు ఉబ్బి ఉండేవి. నిద్ర చాలలేదనేది. స్నానాల గదిలో నుంచి వచ్చి, "అమ్మా, కొత్త ఫినాయిల్ ఏమైనా పోశావా, నురగ వస్తోంది" అంది. నేను పోయలేదు. మా ఆయనకి మొదట్లో ఏం కనపడిందో నాకు గుర్తే. ఆయనా మూత్రంలో నురగని ఇలాగే బాత్రూము కడిగే సబ్బు మీద వేసేసి, ఏడాది గడిపేశారు.

"పరీక్ష చేయించుకోవే."

"పోటీ అయ్యాక."

"రెండేళ్ళయింది నువ్వు చేయించుకుని."

"పోటీ అయ్యాక అన్నానా!" గట్టిగా అరిచింది. అరిచి, వచ్చి నా భుజం మీద తల పెట్టింది. "ఒక్కసారి ఎత్తనీ అమ్మా. నా చేతులతో నేను ఎత్తుకుంటున్నది ఇదొక్కటే."

ఆ రోజు కూడా మాంసం తూచి పెట్టాను.

తరవాతి వారంలో వాన పట్టుకుంది. జిమ్ము నుంచి వేళకి ఇంటికి వచ్చి తినే వీలు లేదని, కంచంలో పెట్టేదే డబ్బాలో పెట్టి పంపమంది. మా ఆయన ఆటో మాట్లాడితే నేనే పట్టుకుని వెళ్ళాను. జిమ్ము మెట్లు ఎక్కి లోపలికి పోతే, మా అమ్మాయి నడుముకి వెడల్పాటి తోలు పటకా బిగించుకుని, కడ్డీ ముందు నిలబడి ఉంది. కింద ఇనుప చక్రాలు. నా వైపు చూడలేదు. వంగి పట్టుకుంది. ఒక్క క్షణం ఏమీ కదలలేదు. తరవాత కడ్డీ లేచింది. దాని ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, నిలువుగా నిలబడింది. పక్కనున్న ఆడపిల్లలు కేక పెట్టారు. నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఎందుకొచ్చాయో అప్పుడు అడిగితే గర్వం అనే చెప్పి ఉండేదాన్ని.

దించాక పటకా విప్పుకుంటూ నడుము పక్క చెయ్యి పెట్టుకుంది.

కోచ్ నా దగ్గరికి వచ్చాడు. "నమస్కారమండి అమ్మగారూ. చూసేరా? మీ అమ్మాయిగారు రాజమండ్రిలో పతకం కొట్టేస్తారండి."

"ఆయ్" అన్నాను.

"ఆ డబ్బాయేనాండి? అరవై రెండు గ్రాములది? మా దగ్గర మగపిల్లలు కూడా ఇంత కరెక్టుగా తినరండి. మా అమ్మే నాకు తూచి పెట్టదు" అని నవ్వి, గొంతు కాస్త తగ్గించాడు. "ఒక్క మాటండి. పటకా తగిలి ఆ పాత మచ్చ దగ్గర లాగుతోందన్నారు. రాళ్ళ ఆపరేషనంట గదండి? డాక్టరు గారిని అడిగేరా, ఇంత ప్రోటీన్ తినొచ్చా అని అడిగేనండి నేను. అడిగేం, తినమన్నారని మేడమ్ చెప్పేరు."

మా అమ్మాయి అటు నుంచి చూస్తోంది. తువ్వాలు మెడ మీద వేసుకుని, కదలకుండా. దూరం నుంచే తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెం. నాకు మాత్రమే కనపడేంత.

ఆ అబద్ధం మేం నేర్పిందే. ఆరేళ్ళుగా పాలవాడికీ, పెళ్ళిళ్ళలో చుట్టాలకీ చెప్పింది. నోటికి అలవాటైన మాట. రాళ్ళేనండి అంటే అయిపోయేది.

"రాళ్ళు కాదు బాబూ" అన్నాను.

"మరేంటండి?"

"దానికి ఒక్కటే కిడ్నీ. ఇంకోటి వాళ్ళ నాన్నగారిలో ఉంది."

కోచ్ చేతిలో ఉన్న సుద్దముక్క పక్కన పెట్టాడు. నడిచి వెళ్ళి కడ్డీ చివర్లలో ఉన్న చక్రాలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ, ఇంకో సెట్టుంది" అంది మా అమ్మాయి.

"లేదండి."

"సార్!"

"మీరు ఫారంలో ఏ జబ్బూ లేదని రాసేరండి. నేను మీకు క్రియాటిన్ ఇచ్చేను. నూట ఇరవై తినమన్నాను." చేతిలో చక్రం గోడకి ఆనించాడు. "రిపోర్టు తెస్తేనే మళ్ళీ కడ్డీ ముట్టుకోండి మేడమ్. తిట్టుకోండి, పర్లేదు."

"జబ్బు లేదు కాబట్టే లేదని రాశాను!" అంది అది. అక్కడున్న ఆడపిల్లలందరూ విన్నారు. ఊరంతా వినడానికి ఇంక ఎంతోసేపు పట్టదని నాకు తెలుసు.

ఆటోలో అది అటు అంచున కూర్చుంది. వాన చినుకు పక్కనుంచి ఒళ్ళో పడుతున్నా జరగలేదు. కాలవ వంతెన దాటాక అంది, "నాన్నకి ఏం చెప్తావు? ఊళ్ళో తెలిసిపోయిందని చెప్తావా?"

"నీ నాన్న సంగతి నాన్న చూసుకుంటారు."

"నీకెప్పుడూ ఆయన కిడ్నీ మీదే గదా దృష్టి. ఇప్పుడు కొత్తగా నా దాని మీద పడిందా?"

డబ్బా మూత తెరవకుండానే ఇంటికి వచ్చింది.

పరీక్ష అమలాపురంలోనే చేయించాం. క్రియాటినిన్ ఒకటిన్నర. ఆపరేషన్ తరవాత దానికి ఒకటి దగ్గర ఉండేది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని కూడా వచ్చింది. ఆ కాగితం నేనే చదివాను. చదువు రాకపోయి ఉంటే బాగుండునని అనిపించింది ఆ రోజు ఒక్కసారి.

కాకినాడ డాక్టరు గారు రిపోర్టు చూసి ముందు తిట్టలేదు. మాంసం ఎంత తింటున్నావు, పొడి ఏమిటి, పరీక్షకి ముందు రోజు జిమ్ముకి వెళ్ళావా అని అన్నీ అడిగారు. వెళ్ళానంది.

"అయితే ఈ కాగితాన్ని నేను పూర్తిగా నమ్మను" అన్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది. "కండ ఎక్కువుంటే క్రియాటినిన్ కొంత ఎక్కువ కనపడుతుంది. ఉడికిన మాంసం తిన్నా పెరుగుతుంది. ఆ పొడి వల్లా పెరుగుతుంది. అవన్నీ కిడ్నీ చెడిపోవడం కాదు. బాగా బరువులెత్తిన మర్నాడు ఆల్బుమిన్ కూడా కాస్త కనపడుతుంది."

"చూశావా అమ్మా!" అంది.

"ఆగు. పొడులు ఆపు. వ్యాయామం ఆపు. మాంసం తగ్గించు. నెల తరవాత, పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రం తీసుకురా. అప్పుడు చెప్తాను." బీపీ కూడా చూశారు. ఆ అంకె చూసి పెదవి విరిచారు.

ఆ నెల మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. ఊళ్ళో తెలిసింది. అనుకున్నంత గోల జరగలేదు. ఒకళ్ళిద్దరు వచ్చి మా ఆయన ముందు అమ్మాయిని మెచ్చుకున్నారు. ఆయన తల వంచుకుని విన్నారు. వాళ్ళు వెళ్ళాక అరుగు మీద నుంచి లోపలికి రాలేదు. మా అమ్మాయి కంచంలో అన్నం మళ్ళీ వచ్చింది. అది తినేది గానీ ఫోను తీసేది కాదు. ఎంత అని అడిగితే, "నీకు తెలుసు గదా" అనేది. ఉబ్బు తగ్గింది. బట్టల వాసన పోయింది. నేను రోజూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాన్ని.

నెల తరవాత క్రియాటినిన్ ఒకటీ పాయింటు రెండుకి దిగింది. ఆల్బుమిన్ తగ్గింది. పోలేదు.

డాక్టరు గారు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశారు. "పొడీ మాంసమూ పెంచినది దిగిపోయింది. ఈ మిగిలినది వాటి పని కాదు" అన్నారు. "ప్రోటీనే చేసిందని నేను అనను. బీపీ ఎన్నాళ్ళుగా ఉందో తెలియదు. రెండేళ్ళు పరీక్షలు మానేశావు. ఒక్క కిడ్నీ రెండింటి పని చేస్తోంది, దాని మీద నువ్వు ఇంకా బరువు పెట్టావు. ఏది ముందో నేను తేల్చలేను. ఇకమీదట పెరగకుండా చూసుకోవాలి, అంతే."

"బరువులు ఎత్తొచ్చాండి?" అని అడిగింది.

"బీపీ అదుపులోకి వచ్చాక తేలికగా ఎత్తు. పోటీలు వద్దు. ప్రోటీన్ కేజీకి ఒక గ్రాము దాటకూడదు. ఇంకా తగ్గినా మంచిదే."

అంటే రోజంతటికీ యాభై ఎనిమిది. నెల కిందటిదాకా ఒక్క కంచంలో పడినంత.

లేస్తుంటే డాక్టరు గారు చీటీ మీద తరవాత రావలసిన తారీకు రాసి ఆగారు. మాతో వచ్చిన మా ఆయన ఫైలు కూడా పక్కనే ఉంది. రెండూ చూసుకుని, "ఇక నుంచి ఇద్దరూ ఒకేసారి వచ్చేయండి. మీకూ సులువు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మా ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు.

ఇంటికి వచ్చి నేను పొయ్యి వెలిగించాను. మా అమ్మాయి స్నానం చేసి వచ్చి వంటింట్లో పీట వాల్చుకుంది. చాలా రోజుల తరవాత ఫోను తీసింది. "చెప్పమ్మా, పెడదాం" అంది.

"మాంసం అరవై గ్రాములు, పచ్చి తూకం" అన్నాను.

"పద్నాలుగు."

"అన్నం రెండు వందల గ్రాములు."

"అయిదు. పెరుగు నూరు చాలు. మూడున్నర." వేలితో లెక్క వేసుకుంది. "ఇరవై రెండున్నర. సరిపోతుంది. నాన్నకి ఎంత పెడుతున్నావు?"

మా ఆయనది అరవై కేజీల లోపే. ఆపరేషన్ అయి కుదురుకున్నాక కేజీకి గ్రాము లోపు అని రాసిచ్చారు. రాత్రి భోజనానికి ఆయనకి నేను ఇరవై, ఇరవై రెండు మధ్య పెడతాను. నేను చెప్పేలోపే అది ఫోనులో కిందకి జరిపి, నాన్నకి రాసిచ్చిన లెక్క చూసుకుంది.

"ఇద్దరికీ ఒకటే గదమ్మా" అంది. "వేరే వేరేగా తూచడం ఎందుకు, కలిపి వండెయ్యి."

నేను మాంసం నూట ఇరవై గ్రాములు తూచి ఒకే గిన్నెలో వేశాను. రెండు కంచాలు పెట్టి సగం సగం వడ్డించాను. మా ఆయన వచ్చి కూర్చుని తన కంచం చూసుకున్నారు, దాని కంచం చూశారు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"తినండి నాన్నా, చల్లారిపోతుంది" అంది అది, అన్నం కలుపుకుంటూ.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి దొడ్లోకి వెళ్ళారు. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. అది తినడం అయిపోయేదాకా ఆయన తిరిగి రాలేదు.